నల్లరేగడి నెర్రెలు, రెండు సప్లీలు, ఒక ఎస్ఓపీ: నా అనుభవం

అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, తాగునీటి పైపులైన్లు వేసే కాంట్రాక్టరు దగ్గర కొన్నాళ్లు పనిచేసి, అమెరికాలో నీటివనరుల మీద ఎంఎస్‌కి దరఖాస్తు చేశాను. జీఆర్ఈ, టోఫెల్, మెమోలు, ట్రాన్‌స్క్రిప్టులు అన్నీ ఒక ఎత్తు, ఈ చదువు ఎందుకు కావాలో మనమే రాసి పంపే కాగితం, అంటే ఎస్ఓపీ, ఒక ఎత్తు. మిగతా వాటికి ఏం కావాలో ఎవరో ఒకరు చెప్తారు. ఎస్ఓపీకి వచ్చేసరికి అందరూ ఒక శాంపిల్ ఫైలు పంపి ఊరుకుంటారు. శాంపిల్లో పూర్తయిన కాగితం కనిపిస్తుందే తప్ప, అందులోని వాక్యం అక్కడికి ఎలా చేరిందో కనిపించదు. అందుకే నా కాగితంలోని విషయాన్నే ముందు పెట్టి, అది ఎలా తయారైందో రాస్తున్నాను.

మొదట నా చేతికి వచ్చింది కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చిన డ్రాఫ్ట్. వాళ్లు ఒక ఫారం ఇచ్చారు. ఇష్టమైన సబ్జెక్టు, సాధించిన బహుమతులు, ఆదర్శ వ్యక్తి, జీవిత లక్ష్యం, హాబీలు. నింపి పంపిన కొద్దిరోజులకు రెండు పేజీల ఫైలు వచ్చింది. ఇంగ్లిష్‌లో ఒక్క తప్పు లేదు. నీటి విలువ గురించి ఒక మహానుభావుడి సూక్తితో మొదలైంది. చిన్నప్పుడు శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు చూసి ఆశ్చర్యపోయానని, అప్పుడే నీటి ఇంజినీరు కావాలని నిశ్చయించుకున్నానని రెండో పేరా. తర్వాత నా ప్రాజెక్టు గురించి ఒకే ఒక్క వాక్యం: 'హైడ్రాలజికల్ మోడల్‌ను అభివృద్ధి చేశాను' అని. ఆపైన మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం, ప్రపంచస్థాయి అధ్యాపకులు, అత్యాధునిక ప్రయోగశాలలు. చివర దేశసేవ.

దాన్ని మా కాలేజీ సీనియర్ అక్కకి పంపాను. ఆమె అమెరికాలోనే ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ చేసి ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో స్క్రీన్ పంచుకుని ఒక్కో వాక్యం దగ్గర ఒకే ప్రశ్న వేసింది. 'ఇదే వాక్యం మీ క్లాసులో ఇంకెవరైనా తమ పేరు పెట్టి పంపుకోవచ్చా?' పంపుకోవచ్చు అంటే కొట్టేయమంది. శ్రీశైలం గేట్లు మా జిల్లాలో చూడనివాళ్లు లేరు. అది పోయింది. సూక్తి పోయింది. ప్రయోగశాలలు, ప్రతిష్ఠ, దేశసేవ అన్నీ పోయాయి. రెండు పేజీల్లో మిగిలింది నా డిగ్రీ పేరు, ప్రాజెక్టు శీర్షిక, ఉద్యోగం చేసిన ఊరు. ఆ మూడూ రెజ్యూమెలో ఎలాగూ ఉన్నాయి.

ఆ డ్రాఫ్టులో పెద్ద అబద్ధాలేం లేవు. కానీ ఫారం అడిగిన ప్రశ్నలకు జవాబులు ఎవరు రాసినా అలాగే ఉంటాయి. మా ప్రాజెక్టు గైడు సార్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఇంకో రకం ప్రశ్నలు రాసిచ్చారు. నువ్వు కళ్లారా చూసినదేంటి? దాని మీద నీ చేత్తో చేసిన పనేంటి? చేశాక కూడా నీకు తెలియనిది ఏం మిగిలింది? అది తెలుసుకోవడానికి ఏ చదువు కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది? 'ముందు తెలుగులోనే రాయమ్మా. ఇంగ్లిష్ గురించి తర్వాత చూద్దాం' అన్నారు. నా ఎస్ఓపీ నిర్మాణం మొత్తం ఆ ప్రశ్నల వరుసే. ఆ వరుస చివరిదాకా మారలేదు.

తెలుగులో రాయడం వల్ల పెద్ద మేలు జరిగింది. ఇంగ్లిష్‌లో కూర్చుంటే చేతికి ముందు అలవాటైన పెద్దమాటలే వస్తాయి. తెలుగులో రాస్తుంటే ఇంట్లో అమ్మకి చెప్తున్నట్టు ఏం జరిగిందో అదే వచ్చింది.

జరిగింది ఇది. మాది కోయిలకుంట్ల వైపు. నల్లరేగడి నేలలు. వానాకాలంలో చాలా పొలాలు బీడుగా ఉంచి, వర్షాలు తగ్గాక అక్టోబరు ప్రాంతంలో శనగ వేస్తారు. వేసవి ముగిసేసరికి ఆ బీళ్లు నెర్రెలు బాసి ఉంటాయి. చెయ్యి దూరేంత వెడల్పు నెర్రెలు కూడా కనిపిస్తాయి. మేం నలుగురం ఒక చిన్న చెరువుకి ఎంత నీరు వస్తుందో లెక్కగట్టే ప్రాజెక్టు తీసుకున్నాం. పద్ధతి కర్వ్ నంబర్ పద్ధతి. అమెరికా వ్యవసాయశాఖ వాళ్లు 1950లలో తయారుచేసింది, మన సిలబస్‌లోనూ ఉంది. నేల రకం, దాని మీద ఉన్న పంట లేదా బీడు చూసి పట్టికలోంచి ఒక సంఖ్య తీసుకుంటాం. సంఖ్య వందకు దగ్గరయ్యేకొద్దీ వాన నీరు నేలలోకి ఇంకకుండా పారుతుందని అర్థం. నల్లరేగడిని పట్టికలో డి వర్గంలో, అంటే నీటిని అతి తక్కువగా ఇంకించుకునే నేలల్లో పెడతారు. మా బీళ్లకి మేం తీసుకున్న సంఖ్య 90.

జూన్‌లో ఒకరోజు 60 మిల్లీమీటర్ల వాన పడింది. లెక్క ప్రకారం అందులో 36 మిల్లీమీటర్లు పారి చెరువుకి రావాలి. తూము దగ్గర మేం పాతిన కొలబద్ద మీద మట్టం ఎంత పెరిగిందో చూసి, చెరువు సామర్థ్యం పట్టికతో సరిపోల్చి, పరీవాహక ప్రాంతం మీద పరిచి చూస్తే వచ్చింది దాదాపు 6. సెప్టెంబరులో ఇంచుమించు అంతే వాన పడితే 31 వచ్చింది. అదే నేల, అదే బీడు, అదే చెరువు.

దీన్ని తెలుగులో ఒక పేజీ రాసి, చివర 'అమెరికా పట్టికలు మన నేలలకు పనికిరావు, మన నేలలకు కొత్త పద్ధతి కనిపెట్టడమే నా లక్ష్యం' అని ముగించాను. సార్ చదివి నవ్వలేదు, మెచ్చుకోలేదు. 'పొడి నేలకి సంఖ్య తగ్గించాలి కదా, తగ్గించి చూశారా?' అన్నారు. ముందు అయిదు రోజుల్లో పడిన వానని బట్టి నేల పొడిగా ఉందా, మామూలుగా ఉందా, తడిగా ఉందా అని మూడు స్థితులుగా చూసి సంఖ్యని మార్చే ఏర్పాటు ఆ పద్ధతిలోనే ఉంది. పొడి స్థితికి మారిస్తే 90 కాస్తా 79 అయింది, పారే నీరు 36 నుంచి 19కి దిగింది. 'ఇంకోటి. నేల మొత్తం పట్టుకోగలిగే నీటిలో, పారడం మొదలయ్యేలోపు పట్టుకునే భాగాన్ని 0.2 వంతు అని పెట్టారు. మీరు వాడిన హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ నమూనాలో ఆ గడి ఖాళీగా వదిలేస్తే అదే తీసుకుంటుంది. మన దేశంలో పొడిగా ఉన్న నల్లరేగడికి 0.3 వాడమంటారు. అది పెట్టి చూడు.' పెడితే 15 వచ్చింది.

అంటే పద్ధతి పనికిరాదన్న నా ముగింపు నిలవలేదు. దాన్ని సరిగ్గా వాడితే తేడాలో చాలాభాగం తీరిపోయింది. కానీ 15కీ 6కీ మధ్య ఇంకా రెండింతలకు పైగా తేడా ఉంది. నా ఎస్ఓపీకి ప్రాణం ఆ మిగిలిన తేడాలోనే దొరికింది. అది నెర్రెల వల్లేనా? కావచ్చు. చెరువుకి ఎగువన రైతులు తవ్వుకున్న కుంటల్లో, పొలం గట్ల వెనక కొంత నీరు ఆగిపోయి ఉండవచ్చు. వాన లెక్క మండల కేంద్రంలోని వానమాపకానిది, చెరువు దగ్గర అంత వాన పడి ఉండకపోవచ్చు. ఈ మూడింటినీ విడదీసే కొలతలు మా దగ్గర లేవు. నెర్రెలే కారణమైతే ఇంకో ప్రశ్న పుడుతుంది. పద్ధతిలో నేలకి ఉన్నవి మూడు స్థితులే. నెర్రెలు మాత్రం వానకి వానకి కొంచెం కొంచెంగా పూడుకుంటూ వస్తాయి. జూన్‌లో నీటిని మింగేసిన నేల సెప్టెంబరులో బండలాగా తోసేస్తోంది. మధ్యలో ఎప్పుడు మారుతోంది, దాన్ని ఎలా కొలవాలి?

'ఇప్పుడు రాయి' అన్నారు సార్.

ఎస్ఓపీ మొదటి పేరా అలా వచ్చింది. ఇంగ్లిష్‌లో రాసినదాని సారం తెలుగులో ఇది: 'మా ఊరి దగ్గరి చెరువు పరీవాహక ప్రాంతంలో జూన్‌లో పడిన 60 మి.మీ. వానకి మా నమూనా 36 మి.మీ. ప్రవాహం చూపింది. పొడి నల్లరేగడికి తగిన సవరణలు చేశాక 15 చూపింది. చెరువులో కొలిస్తే దాదాపు 6. సెప్టెంబరులో అంతే వానకి 31 వచ్చింది. ఎగువ కుంటల ప్రభావాన్ని, వానమాపకం దూరంగా ఉండటాన్ని మేం వేరుచేయలేకపోయాం. వేసవిలో నెర్రెలు బాసే నేల తడిసేకొద్దీ ప్రవాహం ఎలా మారుతుందో కొలవడం, నమూనాలో పెట్టడం నేర్చుకోవడానికి ఈ కోర్సుకి దరఖాస్తు చేస్తున్నాను.' సూక్తి లేదు, చిన్నతనం లేదు. చదివేది ఆ రంగంలోని ప్రొఫెసరైతే మొదటి అయిదు వాక్యాల్లోనే తను అడగాలనుకునే ప్రశ్నలు కాగితంలో కనిపిస్తాయి.

'వేరుచేయలేకపోయాం' అన్న వాక్యం మీద ఇంట్లో గొడవైంది. మా అన్నయ్య, 'నీకు చేతకానిదాన్ని నువ్వే రాసి ఇస్తావా?' అన్నాడు. సీనియర్ అక్క మాత్రం దాన్ని తీయనివ్వలేదు. హైడ్రాలజీ తెలిసినవాళ్లు ఆ అంకెలు చూడగానే ఎగువ కుంటల సంగతేంటని అడుగుతారు. ఆ ప్రశ్న మాకు తట్టిందని రాస్తే, ఆ విద్యార్థి కొలతల్ని నమ్మవచ్చు అనుకుంటారు. రాయకపోతే, అది తెలియకుండానే పెద్ద ముగింపు చెప్పిందనుకుంటారు. నిజాయితీ అంటే కష్టాలన్నీ ఏకరువు పెట్టడం కాదని, చెప్పిన పనికి ఎంతవరకు ఆధారం ఉందో అంతవరకే చెప్పడమని నాకు ఆ వాక్యం దగ్గర అర్థమైంది.

రెండో పేరా నేను చేసిన పని. ఇక్కడ 'నమూనాని అభివృద్ధి చేశాను' అన్న కన్సల్టెన్సీ వాక్యం నిలబడదు. నమూనా అమెరికా ఆర్మీ ఇంజినీర్లది, అందరికీ ఉచితంగా దొరుకుతుంది. మేం దాన్ని వాడాం. పైగా పని నలుగురిది. ఇద్దరు లెవెల్ సర్వే చేశారు, ఒకరు నేల నమూనాలు తీసి ల్యాబ్‌లో పరీక్షలు చేయించారు. నేను చేసింది కొలబద్ద మట్టాలు రాసుకోవడం, వాటిని సామర్థ్యం పట్టికతో కలిపి నీటి పరిమాణంగా మార్చడం, నమూనాలో పెట్టి సరిపోల్చడం. అంతే రాశాను. నలుగురి పని అని, అందులో నాది ఇది అని. సిఫారసు ఉత్తరం, అంటే ఎల్ఓఆర్, రాసేది మా గైడే. ఆయన ఉత్తరంలో నలుగురి జట్టు అని ఉండి, నా కాగితంలో అంతా 'నేను' అని ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లకి ఇట్టే దొరికిపోతుంది.

ఇక బ్యాక్‌లాగ్స్. రెండో సంవత్సరంలో నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. ఒకటి ఇంజినీరింగ్ మ్యాథ్స్, ఇంకోటి ఫ్లూయిడ్ మెకానిక్స్. నీటి మీద ఎంఎస్ చేస్తానన్న మనిషి ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో తప్పితే దాన్ని దాచే మార్గం లేదు. మార్క్స్ మెమో మీద పరీక్ష రాసిన నెల, సంవత్సరం ఉంటాయి. ట్రాన్‌స్క్రిప్ట్ చూసినవాళ్లకి ఆ సబ్జెక్టు తర్వాత పాసైందని తెలుస్తుంది. కన్సల్టెన్సీలో, ఆ సమయంలో ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని రాద్దాం, అందరూ అలాగే రాస్తారు అన్నారు. ఎవరికీ బాగాలేకపోలేదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నాకు ఇంటర్ నుంచే సరిగ్గా రాలేదు, రెండు సబ్జెక్టులూ దాని మీదే ఆధారపడ్డాయి. జరిగింది అదే కాబట్టి అదే రాశాను, మూడు వాక్యాల్లో. ఏ సబ్జెక్టులు, ఎందుకు. తర్వాత సెలవుల్లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మొదటి నుంచి నేర్చుకుని రెండూ ఒకే సప్లీలో పాసయ్యాను. ఆ తర్వాత చదివిన హైడ్రాలిక్స్, వాటర్ రిసోర్సెస్ సబ్జెక్టుల్లో వచ్చిన మార్కులు ఇవి.

ఈ మూడు వాక్యాలు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సి వచ్చింది. మొదట్లో పెడితే కాగితం మొత్తం సంజాయిషీలా మొదలవుతుంది. చివర్లో పెడితే చదివేవాళ్లు ఆఖరున మోసుకెళ్లేది అదే అవుతుంది. ప్రాజెక్టు తర్వాత, కోర్సుకి కావలసిన గణితం గురించి చెప్పే చోట పెట్టాను. అక్కడ అది సహజంగా కూర్చుంది. క్షమాపణ మాటలు ఒక్కటీ లేవు. నిజంగా ఇంట్లో కష్టం వచ్చి చదువు దెబ్బతిన్నవాళ్లు దాన్ని తప్పకుండా రాయాలి. అప్పుడు కూడా ఏం జరిగింది, ఎన్నాళ్లు సాగింది, ఆ తర్వాత మార్కులు ఎలా ఉన్నాయన్న వరుసే పనికొస్తుంది.

ఉద్యోగం గురించి ఎక్కువ రాయలేదు. డబ్బు అవసరమై చేరాను, నేను చేసింది ఎక్కువగా బిల్లింగ్. పైపులైన్ పనుల కొలతలు ఎం-బుక్‌లో ఎక్కించడం, సైటులో వెళ్లి సరిచూడటం. దాన్ని నీటివనరుల పరిశోధన అనుభవంగా మలచమని సలహాలు వచ్చాయి. కానీ ఆ పనిలో నేర్చుకున్నది ఒకటుంది. కొలత రాసినవాడు ఎవరు, ఏ రోజు, ఏ పరికరంతో అన్నది పక్కనే లేకపోతే ఆ అంకెకి విలువ లేదు. చెరువు దగ్గర మా నోటుబుక్కులో అలా రాసుకోని రోజులు ఉన్నాయి, ఆ రోజుల కొలతలు వాడుకోలేకపోయాం. రెండు వాక్యాల్లో ఈ సంబంధం చెప్పి వదిలేశాను.

యూనివర్సిటీ గురించిన పేరాకి నాకు మిగతా అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. ఎక్కువమంది డ్రాఫ్టులు పాడయ్యేది కూడా ఇక్కడే. ఆ పేరాలో యూనివర్సిటీ పేరు తీసి ఇంకో పేరు పెట్టినా వాక్యాలు నిలబడుతున్నాయంటే అది ఖాళీ పేరా. ర్యాంకు, క్యాంపస్, వాతావరణం, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే విద్యార్థులు, ఇవన్నీ వాళ్లకి తెలిసినవే. వాళ్లకి తెలియాల్సింది నా ప్రశ్నకీ వాళ్ల దగ్గర ఉన్నదానికీ సంబంధం ఏమిటన్నది.

నేను వెతికింది యూనివర్సిటీల పేర్లతో కాదు, నేలతో. నెర్రెలు బాసే నల్లనేలలు ప్రపంచంలో ఇంకెక్కడ ఉన్నాయని చూస్తే టెక్సస్‌లోని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ దొరికింది. హ్యూస్టన్ బ్లాక్ అని పిలిచే ఆ మట్టి కూడా మన రేగడి జాతిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది. అక్కడ కూడా ఒకప్పుడు పత్తి నేలలే. వేకో దగ్గర రీసెల్ అనే చోట అమెరికా వ్యవసాయశాఖ 1930ల చివరి నుంచి చిన్న చిన్న పరీవాహక ప్రాంతాల్లో వాన, ప్రవాహం కొలుస్తోంది. నెర్రెలు ప్రవాహాన్ని ఎలా మారుస్తాయన్న పరిశోధనలు ఆ డేటాతో వచ్చాయి. స్వాట్ అనే నమూనాని ఆ శాఖ, టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ల వ్యవసాయ పరిశోధన సంస్థ కలిసి తయారుచేశాయి. నెర్రెల్లోకి పోయే నీటిని లెక్కగట్టే వీలు అందులో ఉంది. టెక్సస్ ఏ అండ్ ఎంలో వాటర్ మేనేజ్‌మెంట్ అండ్ హైడ్రలాజికల్ సైన్స్ అని ప్రత్యేకంగా ఒక కోర్సే ఉంది. వాళ్ల పేరా రాయడానికి ఇంకేం కావాలి?

అయినా అక్క ఒక జాగ్రత్త చెప్పింది. ఇవన్నీ గుదిగుచ్చితే అది వాళ్ల వెబ్‌సైటుని వాళ్లకే చదివి వినిపించినట్టుంటుందని. కాబట్టి పేరాలో రెండే విషయాలు ఉంచాను. రీసెల్ రికార్డు మీద వచ్చిన ఒక పరిశోధన వ్యాసాన్ని పూర్తిగా చదివి, అందులో నెర్రెల పరిమాణాన్ని ఎలా అంచనా వేశారో ఒక వాక్యంలో రాసి, ఆ రకం కొలత మా చెరువు దగ్గర ఉండి ఉంటే 15కీ 6కీ మధ్య తేడాలో నెర్రెల వాటా ఎంతో కనీసం కొంతైనా తెలిసేదని రాశాను. రెండోది, కోర్సుల జాబితాలోంచి నాకు లేని చదువు: నేల భౌతికశాస్త్రం. మన బీటెక్‌లో మట్టిని పునాదుల బలం కోసం చదువుతాం. మట్టిలో నీరు ఎలా కదులుతుందో దాదాపు చదవం. ఆ లోటు చెప్పి, దాన్ని పూడ్చే కోర్సు పేరు రాశాను.

ప్రొఫెసర్ల పేర్లు రాయాలా వద్దా అన్నది అందరికీ ఉండే సందేహం. నేను వ్యాసం మొత్తం చదివిన ఒక్కరి పేరే రాశాను. నా స్నేహితురాలి డ్రాఫ్టులో అయిదుగురి పేర్లు ఉండేవి. వెళ్లి చూస్తే వాళ్లలో ఒకరు రిటైరై ఉన్నారు, ఇంకొకరిది కాంక్రీటు. వెబ్‌సైటులోంచి పేర్లు తీసి అతికిస్తే ఇలాగే అవుతుంది. ఇంకా మరిచిపోకూడని విషయం, థీసిస్ లేని కోర్సుకి దరఖాస్తు చేస్తూ ఫలానా ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తానని రాస్తే ఆ కోర్సు ఏమిటో చూడలేదని అర్థం. అలాంటి కోర్సుకి నేను రాసినప్పుడు ఆ పేరాని కోర్సులు, ప్రాజెక్టు సెమిస్టరు చుట్టూ తిప్పి రాశాను.

నల్లనేలలు లేని రాష్ట్రాల్లోని యూనివర్సిటీలకి ఏం రాయాలి? రెండు చోట్ల నేలలోని తేమని ఉపగ్రహ డేటాతో, సెన్సర్లతో కొలిచే పని జరుగుతోంది, నా ప్రశ్నలో 'ఎప్పుడు మారుతోంది' అన్న భాగానికి అది సరిపోయింది. ఒక యూనివర్సిటీకి మాత్రం ఎంత వెతికినా ర్యాంకు తప్ప ఇంకో కారణం దొరకలేదు. దాన్ని నా జాబితాలోంచి తీసేశాను. అప్లికేషన్ ఫీజు మిగిలింది, పైగా సీటు వచ్చినా అక్కడ నేను చదవాలనుకున్నది ఉండేది కాదు.

ఇదంతా అమెరికాకి సంబంధించిందే కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1970ల నుంచే నల్లరేగడి పరీవాహక ప్రాంతాల మీద పరిశోధనలు జరిగాయి. వాటి నివేదికలు చదివాకే మా కొలతలు ఎంత పలచనో తెలిసింది. ఎస్ఓపీలో ఆ ప్రస్తావన ఒక్క వాక్యం పెట్టాను. మన దగ్గర జరిగిన పని తెలియకుండా అక్కడికి పోయి నేర్చుకుంటానంటే అది అరకొరగా ఉండేది.

చివరి పేరా చదువయ్యాక ఏం చేస్తానన్నది. పీహెచ్‌డీ చేస్తానని రాస్తే బలంగా ఉంటుందని చాలామంది అన్నారు. నాకు ఇంకా ఆ నిర్ణయం లేదు. చిన్న చెరువుల అలుగులు, కట్టలు రూపకల్పన చేసేటప్పుడు వరద అంచనాలు వేసే పని చేయాలనుంది, అది మన దగ్గర నీటిపారుదల పనులకు డిజైన్లు చేసే సంస్థల్లో ఉంటుంది. అదే రాశాను. వరదని 36కి అంచనా వేసి అలుగు కడితే డబ్బు వృథా కావచ్చు, 6కి కడితే సెప్టెంబరు వానకి కట్ట తెగవచ్చు. ఈ ఒక్క వాక్యం 'సమాజానికి సేవ' అన్న పేరా చేయలేని పని చేసింది.

నిడివి దగ్గర మళ్లీ కొంత కష్టపడ్డాను. కొన్నిచోట్ల రెండు పేజీలు, కొన్నిచోట్ల 500 పదాలు. ఇంకొన్ని యూనివర్సిటీలు, ఉదాహరణకి బర్క్‌లీ, ఎస్ఓపీతోపాటు వ్యక్తిగత చరిత్ర అని వేరే కాగితం అడుగుతాయి. ఊరు, ఇల్లు, బీడు భూముల మధ్య పెరగడం లాంటివి ఉంటే దానికి చోటు అక్కడ. ఎస్ఓపీలో అవి కలిపేస్తే రెండు కాగితాలూ ఒకటే అయిపోతాయి. 500 పదాలకు కుదించేటప్పుడు అన్ని పేరాల్లోంచి తలా కొంచెం తీస్తే అంతా వడిలిపోయింది. అందుకని ఉద్యోగం పేరాని ఒక వాక్యం చేసి, ప్రాజెక్టు అంకెల్ని మాత్రం ముట్టుకోలేదు. 36, 15, 6, 31 ఉంటేనే తక్కిన కాగితానికి అర్థం.

ఆ రోజుల్లో స్నేహితుల డ్రాఫ్టులు కూడా చాలా చదివాను. ఎక్కువగా కనిపించిన లోపం రెజ్యూమెనే వాక్యాలుగా మార్చడం. మొదటి సెమిస్టరు నుంచి వరసపెట్టి వర్క్‌షాపులు, సర్టిఫికెట్లు, ఫెస్టులు. వాటిలో ఏది తీసేసినా మిగతాది చెక్కుచెదరదు, అంటే ఏదీ దేనికీ ఆధారం కాదు. ఒకబ్బాయి మెషిన్ లెర్నింగ్, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ మూడింటిలోనూ ఆసక్తి అని రాశాడు. కూర్చోబెట్టి అడిగితే, వాళ్ల నాన్నగారి ఎరువుల దుకాణంలో అప్పు ఖాతాల కోసం ఒక చిన్న యాప్ చేశానని, ఇద్దరు ఒకేసారి మార్చితే లెక్కలు తప్పాయని, ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తెలియదని చెప్పాడు. ఎస్ఓపీ అదే కదా అన్నాను. అతను డేటాబేస్‌ల వైపు తిప్పి మళ్లీ రాసుకున్నాడు. ఇంకో అమ్మాయి ఇంగ్లిష్ బరువుగా ఉండాలని నిఘంటువు పెట్టుకుని మాటలు మార్చింది. ఆమె తర్వాత పంపిన ఈమెయిల్స్‌లో ఇంగ్లిష్ మామూలుగా, స్పష్టంగా ఉంది. రెండూ ఒకే మనిషి రాసినట్టు లేవు. మామూలు ఇంగ్లిషే చాలు అని చెప్పి మళ్లీ రాయించాం.

పంపే ముందు సార్‌కి చివరి ప్రతితోపాటు ఒక పేజీ ఇచ్చాను. ప్రాజెక్టులో నా వంతు ఏమిటి, బ్యాక్‌లాగ్స్ గురించి నేనేం రాశాను, ఏయే యూనివర్సిటీలు, ఏయే గడువులు. ఆయన ఎల్ఓఆర్‌లో ఏం రాయాలో నేను చెప్పలేదు. అంకెలు, తేదీలు రెండుచోట్లా ఒకటే ఉండాలని మాత్రమే. ఆ తర్వాత ప్రతి యూనివర్సిటీ పీడీఎఫ్‌ని తెరిచి, వేరే యూనివర్సిటీ పేరు ఎక్కడైనా మిగిలిందేమో వెతికించాను. ఫైలు పేరు కూడా చూసుకోవాలి, అప్‌లోడ్ చేసినప్పుడు అదీ కనిపించవచ్చు. కాగితాన్ని తమ్ముడి చేత బిగ్గరగా చదివించుకున్నాను. వాడు కామర్స్. జూన్‌కీ సెప్టెంబరుకీ తేడా ఎందుకొచ్చిందో వాడికి అర్థమైంది, ఎగువ కుంటల దగ్గర ఆగి 'మరి వాటిని ఎందుకు కొలవలేదు?' అని అడిగాడు. వాటిని కొలవాలంటే ఇంకో వానాకాలం కావాలని చెప్పాను. ఆ రాత్రే మొదటి దరఖాస్తు పంపాను.